మెడ పక్క నొప్పి లేని గడ్డ: గాటు పెట్టే ముందు సూది పరీక్ష

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. మెడకి ఎడమ పక్క రెండున్నర నెలల కింద గోలీ అంత గడ్డ కనిపించింది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు, జ్వరం లేదు, దగ్గు లేదు. మా ఊళ్ళో డాక్టరు గారు రెండు కోర్సులు యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. ఒకరు కొవ్వు గడ్డ అంటున్నారు, ఇంకొకరు చీము గడ్డ, చిన్న గాటు పెడితే పోతుంది అంటున్నారు. మూడు ఫొటోలు పెట్టాను. కోయించేయమంటారా డాక్టర్ గారూ? క్యాన్సరేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. మాది నరసరావుపేట దగ్గర.

జవాబు:

అమ్మా, దాన్ని ఇప్పుడు కోయించకండి. చిన్న గాటు కూడా వద్దు. ఈ వారంలోనే సూది పరీక్ష చేయించండి. ఫొటోల్లో నాకు కనిపిస్తున్నది కొవ్వు గడ్డలా లేదు, మామూలు చీము గడ్డలా కూడా లేదు. వాచిన లింఫ్ గ్రంథిలా ఉంది, అంటే ఒంటి రక్షణ కణాలు ఉండే చిన్న బిళ్ళ. మీ తమ్ముడి వయసు, ఈ రెండున్నర నెలల తీరు కలిపి చూస్తే నా మొదటి అనుమానం గ్రంథికి వచ్చే టీబీ మీద. పాతకాలం వాళ్ళు గండమాల అనేది దీన్నే. ఫొటో చూసి అనుమానపడటం వరకే నేను చేయగలను, తేల్చాల్సింది సూది. నేను సర్జన్‌ని. ఇలాంటి మెడ గడ్డలు ఓపీలో నిత్యం చూసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి ఏది ఎలా చూస్తామో వివరంగా రాస్తాను. ఆసుపత్రికి వెళ్ళాక ఏం అడగాలో మీకు ముందే తెలిసి ఉండాలి.

రెండో ఫొటోతో మొదలుపెడతాను, మూడింటిలో పనికొచ్చేది అదే. మీ తమ్ముడు తల కుడివైపు తిప్పి ఉన్నాడు. చెవి వెనక నుంచి ఛాతీ పై భాగం దాకా ఒక కండరం బిగుసుకుని తాడులా కనిపిస్తోంది. గడ్డ ఆ కండరానికి వెనక, మెడ కింది సగంలో ఉంది. అక్కడ లింఫ్ గ్రంథులు వరసగా ఉంటాయి. మెడ గడ్డ విషయంలో అది ఎక్కడ ఉందన్నదే సగం సమాచారం. మధ్యలో ఉండి, మింగినప్పుడు పైకి కదిలితే థైరాయిడ్ వైపు చూస్తాం. చెవి తమ్మె కింద, దవడ మూల దగ్గర ఉంటే లాలాజల గ్రంథి వైపు. ఆ కండరం ముందు అంచున పై భాగంలో మెత్తగా ఉంటే పుట్టుకతో మిగిలిపోయిన తిత్తి అయ్యే వీలుంది. మీరు పెట్టిన ఫొటో ఇవేవీ చెప్పడం లేదు.

మూడో ఫొటోలో దగ్గర నుంచి తీశారు. గడ్డ మీద చర్మం కొద్దిగా మెరుస్తోంది, ఒక చోట లేత ఎరుపు ఉంది, కానీ సెగగడ్డకు ఉండే మంట ఎరుపు కాదు. ముఖ్యమైన సంగతి, పెద్ద గడ్డకి కింద వేలెడు దూరంలో ఇంకో చిన్న ఉబ్బు నీడలా కనిపిస్తోంది. మీరు రాసింది ఒక్క గడ్డ గురించి, నాకు రెండు కనిపిస్తున్నాయి. వెలుతురు వల్ల అలా పడిందేమో కూడా. కాబట్టి మీరే తడిమి చూడండి. తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడండి. తల కొంచెం ఎడమ వైపు వంచమనండి, కండరం వదులవుతుంది. మూడు వేళ్ళ చివర్లతో దవడ కింద నుంచి కాలర్ బోన్ గుంట దాకా నెమ్మదిగా నిమరండి. తర్వాత కుడి పక్క కూడా. ఇంకా బిళ్ళలు ఎన్ని తగిలాయి, విడివిడిగా ఉన్నాయా, ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయా చూసి రాసుకోండి. చంకల్లో, గజ్జల్లో అతన్నే చూసుకోమనండి. గజ్జల్లో సెంటీమీటరు, సెంటీమీటరున్నర సైజు బిళ్ళలు చాలామందికి మామూలుగానే ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు.

కొవ్వు గడ్డ అని ఎందుకు అనుకోవడం లేదో చెబుతాను. కొవ్వు గడ్డ ఏళ్ల తరబడి ఉంటుంది. ఎప్పుడు మొదలైందో గుర్తు కూడా ఉండదు. గోలీ నుంచి నిమ్మకాయ అవడానికి రెండున్నర నెలలు చాలవు. పట్టుకుంటే మెత్తగా, లోపల చిన్న చిన్న ముద్దలున్నట్టు ఉంటుంది. అంచు మీద వేలు పెట్టి నొక్కితే వేలి కింద నుంచి పక్కకి జారిపోతుంది. పైన చర్మం వేరుగా, గడ్డ వేరుగా కదులుతాయి. అది ఎక్కువగా వీపు, భుజం, చేతులు, తొడల మీద వస్తుంది. మెడ మీద రాదని కాదు. కానీ వస్తే చాలావరకు మెడ వెనక భాగంలో వస్తుంది.

చర్మం కింద తిత్తి, అంటే సెబేషియస్ సిస్ట్ అని అందరూ పిలిచేది, చర్మానికే అతుక్కుని ఉంటుంది. పైన చర్మాన్ని రెండు వేళ్ళతో చిటికెడు ఎత్తి చూడండి. తిత్తి ఉంటే ఒక చోట చర్మం ఎత్తడానికి రాదు, సరిగ్గా అక్కడే ఒక నల్లటి చుక్క కనిపించే వీలుంటుంది. నొక్కితే ఆ చుక్క నుంచి దుర్వాసనతో తెల్లటి పదార్థం వస్తుంది. మూడో ఫొటోని పెద్దది చేసి చూశాను, అలాంటి చుక్క కనిపించలేదు. చుక్క లేకపోతే తిత్తి కాదని కాదు గానీ, ఈ చోటు, ఈ వేగం, పక్కన ఇంకో ఉబ్బు కలిపి చూస్తే గ్రంథి అన్నదే బలంగా నిలబడుతోంది.

ఇక గ్రంథి ఎందుకు వాచింది? ఈ వయసులో మెడ గ్రంథులు వాచడానికి మామూలు కారణాలు గొంతు నొప్పి, పుచ్చిపోయిన పన్ను, తలలో కురుపు, పేలు. అలా వాచినవి నొప్పిగా ఉంటాయి, రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడతాయి. నాలుగు వారాలు దాటి కూడా సెంటీమీటరు కంటే పెద్దగా ఉన్నా, పెరుగుతున్నా, ఇక దాన్ని మామూలు వాపు అనుకుని కూర్చోకూడదు. మీ తమ్ముడిది పది వారాలు దాటింది, పెరుగుతూనే ఉంది. మన ప్రాంతంలో ఇలాంటి గడ్డకి ముందుగా తలుచుకోవాల్సింది టీబీ.

జ్వరం లేదు, దగ్గు లేదు కదా, టీబీ ఎలా అని మీరు అడుగుతారు. గ్రంథి టీబీలో దగ్గు ఉండాలని లేదు, ఊపిరితిత్తులు బాగానే ఉండొచ్చు. ఛాతీ ఎక్స్‌రే నార్మల్‌గా వచ్చేవాళ్ళు చాలామంది. కొందరికి సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడటం, ఆకలి తగ్గడం, బరువు తగ్గడం ఉంటాయి. కొందరికి గడ్డ తప్ప ఇంకే బాధా ఉండదు. గ్రంథి మొదట గట్టిగా, విడిగా ఉంటుంది. తర్వాత పక్క గ్రంథులతో అతుక్కుని ముద్ద కడుతుంది. ఆ తర్వాత లోపల మెత్తబడి ద్రవమవుతుంది. అది చీములాగే ఉంటుంది కానీ మామూలు చీము గడ్డకుండే వేడి, సలుపు ఉండవు. పైన చర్మం పలచబడి మెరుస్తుంది, ఊదా రంగుకు తిరుగుతుంది, చివరికి దానంతట అదే పగులుతుంది. మీ ఫొటోలో ఆ మెరుపు, లేత ఎరుపు మొదలైనట్టు ఉన్నాయి. ఈ వారంలోనే అని అన్నది అందుకే.

గాటు వద్దని అంత గట్టిగా చెప్పడానికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, టీబీ గడ్డని మామూలు చీము గడ్డలా కోసి వదిలేస్తే ఆ గాయం మానదు. లోపలి గ్రంథి నుంచి చర్మం దాకా ఒక దారి ఏర్పడి నెలల తరబడి కారుతూ ఉంటుంది. మానినా ముడతలు పడ్డ మచ్చ మిగులుతుంది. మెడ మీద అలాంటి మచ్చతో వచ్చేవాళ్ళని అడిగితే ఎక్కడో ఒక చోట గాటు పెట్టించుకున్నట్టే చెబుతారు. చర్మం మరీ పలచబడి, పగిలేలా ఉంటే కూడా మేం గాటు పెట్టం. పక్కన ఆరోగ్యంగా ఉన్న చర్మం నుంచి, పై వైపు నుంచి, లావు సూదిని ఏటవాలుగా పంపి ద్రవం లాగేస్తాం. సూది వెళ్ళిన దారి ఏటవాలుగా ఉంటే అది మూసుకుపోతుంది, కారదు. లాగిన ద్రవాన్ని పారబొయ్యం, పరీక్షకి పంపుతాం.

రెండో కారణం ఆ చోటే. కండరం వెనక ఉన్న ఆ త్రికోణంలో భుజాన్ని ఎత్తే కండరానికి వెళ్ళే నరం చర్మానికి చాలా దగ్గరగా వెళుతుంది. గడ్డ ఆ నరాన్ని ఇంకా పైకి నెట్టి ఉండొచ్చు. తెలియకుండా కోస్తే నరం తెగుతుంది. అప్పుడు భుజం కిందికి జారుతుంది, చెయ్యి పక్క నుంచి తల పైకి ఎత్తలేరు, లాగుడు నొప్పి ఏళ్ల పాటు ఉంటుంది. పని చేసుకునే 24 ఏళ్ల కుర్రాడికి అది గడ్డ కన్నా పెద్ద కష్టం. ఆ చోట గ్రంథిని తీయాల్సి వస్తే ఆపరేషన్ థియేటర్‌లో, ఆ నరం ఎక్కడుందో తెలిసిన సర్జన్ తీయాలి. క్లినిక్ బల్ల మీద పది నిమిషాల్లో చేసే పని కాదు.

ఇప్పుడు సూది పరీక్ష. దీన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. ఇంజెక్షన్‌కి వాడేంత సన్నటి సూదే. మత్తు అక్కర్లేదు, ఉపవాసం అక్కర్లేదు. గడ్డలో సూది పెట్టి రెండు మూడు చోట్ల నుంచి కొద్ది కణాలు లాగి గాజు పలకల మీద పూస్తారు. కొన్ని నిమిషాల పని. అమ్మ గారికి ఒక భయం తప్పకుండా ఉంటుంది, సూది పెడితే క్యాన్సర్ పాకుతుందని. మెడ గ్రంథికి చేసే ఈ సన్నసూది పరీక్షతో అలాంటి ప్రమాదం గురించి భయపడనక్కర్లేదని ఆమెకి నా మాటగా చెప్పండి.

అక్కడ మీరు అడగాల్సింది ఒకటుంది, దాన్ని మర్చిపోతే మళ్ళీ సూది గుచ్చించుకోవాల్సి వస్తుంది. లాగిన దాంట్లో కొంత పలకల మీదికి, మిగతాది సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షకి వెళ్ళాలి. ఇవి టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పరీక్షలు. కొన్ని గంటల్లోనే ఫలితం వస్తుంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ద్రవం బాగా వస్తే టీబీ కల్చర్‌కి కూడా పంపమనండి. దానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు, కానీ తర్వాత మందు పని చేయడం లేదన్న అనుమానం వస్తే ఆదుకునేది అదే. కల్చర్ అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం, దానికి వెళ్ళే నమూనాని ముక్కలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయకూడదు, మామూలు సెలైన్‌లో పంపాలి. ఫార్మలిన్ క్రిములని చంపేస్తుంది. ఎప్పుడైనా గ్రంథి ముక్క తీయాల్సి వచ్చినా ఇదే నియమం. ఒక ముక్క ఫార్మలిన్‌లో, ఒక ముక్క సెలైన్‌లో. ఆపరేషన్‌కి ముందు సర్జన్ గారిని అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. మొత్తం ఫార్మలిన్ సీసాలో పడి, రిపోర్టులో టీబీ అయి ఉండొచ్చు అని మాత్రమే వచ్చి, మందుకి లొంగే టీబీయో కాదో తేల్చుకునే దారి మూసుకుపోయిన కేసులు నేను చూశాను.

నరసరావుపేట ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ విభాగాన్ని ముందు కలవండి. సూది పరీక్ష అక్కడ కుదరకపోతే గుంటూరు జీజీహెచ్‌కి తీసుకెళ్ళి సర్జరీ ఓపీలో గానీ ఈఎన్‌టీ ఓపీలో గానీ చూపించండి. ప్రైవేటులో సూది పరీక్ష చేయించుకున్నా పర్లేదు, నమూనాని ప్రభుత్వ సీబీనాట్ ల్యాబ్‌కి పంపించే ఏర్పాటు అడగండి, అక్కడ ఉచితం. ప్రభుత్వ టీబీ కార్యక్రమం వాళ్ళ నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666 కి ఫోన్ చేస్తే దగ్గరలో ఏ కేంద్రానికి వెళ్ళాలో చెబుతారు. సూది పరీక్షతో పాటు ఛాతీ ఎక్స్‌రే, షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా రాస్తారు. హెచ్‌ఐవీ పేరు వినగానే కంగారు పడకండి, టీబీ అనుమానం ఉన్న ప్రతి ఒక్కరికీ చేస్తారు.

డబ్బు ఎక్కడ వృథా అవుతుందో కూడా చెప్పాలి. టీబీకి రక్తంలో యాంటీబాడీ పరీక్ష అని ఎవరైనా రాస్తే చేయించకండి. తప్పు ఫలితాలు ఇస్తుందని మన కేంద్ర ప్రభుత్వం 2012లోనే ఆ కిట్లని నిషేధించింది. టీబీ గోల్డ్ అనే రక్త పరీక్ష, చేతికి వేసే మాంటూ పరీక్ష కూడా ఈ గడ్డ టీబీయా కాదా అన్నది తేల్చవు. క్రిమి ఎప్పుడో ఒంట్లోకి ప్రవేశించి నిద్రపోతున్న వాళ్ళకి కూడా అవి పాజిటివ్ వస్తాయి, మన దేశంలో అలాంటివాళ్ళు కోట్లమంది. ఈఎస్‌ఆర్ అనే రక్త పరీక్షలో అంకె పెరిగిందంటే ఒంట్లో ఏదో వాపు ఉందని మాత్రమే. అల్ట్రాసౌండ్ మాత్రం ఉపయోగమే. గ్రంథులు ఎన్ని, లోపల ద్రవం ఉందా, సూది ఎక్కడ పెట్టాలి అన్నవి చూపిస్తుంది.

రిపోర్టు చేతికి వచ్చాక అందులో ఏ మాట ఉంటే ఏమిటో రాస్తాను. గ్రాన్యులోమా అంటే రక్షణ కణాలు గుమిగూడిన ముద్ద, కేసియస్ నెక్రోసిస్ అంటే జున్నులా మారిన చచ్చిన కణజాలం; ఈ రెండూ ఉంటే టీబీ వైపు చాలా బలమైన ఆధారం. సీబీనాట్ పాజిటివ్ వస్తే ఇక వాదన లేదు, మందు మొదలుపెట్టడమే. సీబీనాట్ నెగెటివ్ వచ్చిందని మాత్రం టీబీ లేదనుకోవద్దు. గ్రంథిలో క్రిములు తక్కువగా ఉంటాయి, సూదికి దొరకకపోవచ్చు. అప్పుడు పలకల మీద కనిపించినది, మనిషి లక్షణాలు, కల్చర్ కలిపి డాక్టరు నిర్ణయిస్తారు. నెక్రోసిస్ మాత్రమే ఉంది, ఇంకేమీ తేలలేదు అంటే మరోసారి సూది పెట్టాలి. రియాక్టివ్, అంటే ఏదో మామూలు ఇన్ఫెక్షన్‌కి స్పందించి వాచిన గ్రంథి అని వస్తే చాలామంది ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్ళిపోతారు. మీ తమ్ముడి విషయంలో అది చాలదు. సూది పక్కనున్న మంచి గ్రంథిలోకి వెళ్ళి ఉండొచ్చు. పది వారాలుగా పెరుగుతున్న గడ్డకి రియాక్టివ్ అన్న జవాబు సరిపోదు కాబట్టి మళ్ళీ సూది గానీ, గ్రంథిని తీసి పరీక్షించడం గానీ అడగండి.

కణాలు అనుమానంగా ఉన్నాయి, లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ కావచ్చు అని వస్తే అప్పుడు మొత్తం ఒక గ్రంథిని తీసి పరీక్షించాలి. లింఫోమా ఏ రకమో సూదితో తేలదు, గ్రంథి నిర్మాణం మొత్తం చూడాలి, ప్రత్యేక రంగులతో పరీక్షలు చేయాలి. అమ్మ గారి భయం గురించి నిజం చెప్పాలంటే, క్యాన్సర్ కాదని ఫొటో చూసి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ వయసులో మెడ గడ్డగా మొదలయ్యే క్యాన్సర్ ఉంటే అది ఎక్కువగా లింఫోమా. అది రబ్బరులా సాగే గట్టితనంతో ఉంటుంది, నొప్పి ఉండదు. దాంతో పాటు బట్టలు తడిసిపోయేంత రాత్రి చెమటలు, కారణం లేని జ్వరం, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం ఉంటే అనుమానం పెరుగుతుంది. టీబీలోనూ ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి లక్షణాలు చూసి రెండింటినీ విడదీయలేం. లింఫోమా అయినా కుర్రవాళ్ళలో వచ్చే ముఖ్యమైన రకాలకి మంచి చికిత్స ఉంది, చాలామంది పూర్తిగా బాగవుతారు. అందుకే రెండు దారుల్లోనూ మొదటి అడుగు ఒకటే, సూది.

ఇదే ఫొటో 55 ఏళ్ళ మనిషిది అయ్యుంటే నా జవాబు వేరేలా మొదలయ్యేది. గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్న మనిషికి మెడలో రాయిలా గట్టిగా, కదలకుండా గడ్డ వస్తే ముందు నోరు, నాలుక వెనక మొదలు, గొంతు, స్వరపేటిక చూడాలి. అసలు పుండు అక్కడ ఉండి, గడ్డ దాని తాలూకు పాకుడు అయ్యే అవకాశం ఎక్కువ. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళకి అంగిలి మీద కూడా చూడాలి. అలాంటివాళ్ళ గడ్డని నేరుగా కోసి తీయడం తర్వాతి చికిత్సని పాడు చేస్తుంది. వాళ్ళకీ ముందు సూదే. ఈ పోస్టు చదివే ఇంకెవరింట్లోనైనా అలాంటి పెద్దలుంటే ఇది పట్టించుకోండి.

మళ్ళీ మీ తమ్ముడి దగ్గరికి వస్తాను. ఆ రెండు కోర్సుల మందు స్ట్రిప్పులు ఉంటే వాటి మీద పేర్లు చూడండి. అమాక్సిసిలిన్ రకమైతే ఇబ్బంది లేదు. లీవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ లాంటివి అయితే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఇవి టీబీ మీద కొంత పని చేస్తాయి. గడ్డ కాస్త తగ్గినట్టు అనిపించి పరీక్ష ఆలస్యమవుతుంది, నమూనాలో క్రిమి దొరకదు, పైగా ఆ మందుకి క్రిమి మొండికెక్కే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ విషయంలో ఇంకా జాగ్రత్త. డెక్సామెథాసోన్, బెటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అనే పేర్లు ఉంటే ఇకపై పరీక్ష పూర్తయ్యే దాకా వేయించకండి. లింఫోమా గడ్డ స్టెరాయిడ్‌తో కొన్ని రోజుల్లో కరిగినట్టవుతుంది, అప్పుడు ముక్క తీసినా జబ్బు కనిపించదు. అయితే ఏదైనా కారణానికి ఎక్కువ రోజులు వాడుతూ ఉంటే మాత్రం మీరే ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టరుని అడిగి ఆపాలి. పసరు కట్లు, వాతలు, వేడి కాపడాలు కూడా వద్దు. పలచబడ్డ చర్మం వాటికి త్వరగా పగులుతుంది.

టీబీ అని తేలితే మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు కలిసినవి, రోజూ ఒకే పూట. మాత్రల సంఖ్య బరువుని బట్టి ఉంటుంది. మీ తమ్ముడి బరువు 50 నుంచి 64 కిలోల మధ్య ఉంటే రోజుకి నాలుగు మాత్రలు, 35 నుంచి 49 మధ్య ఉంటే మూడు. ప్రభుత్వ కేంద్రంలో మందులు ఉచితం. తిండి ఖర్చుకని నిక్షయ్ పోషణ్ కింద నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరుకి ముందు అది 500 ఉండేది. ప్రైవేటు డాక్టరు దగ్గర చికిత్స తీసుకున్నా, ఆయన నిక్షయ్‌లో పేరు నమోదు చేస్తే ఆ డబ్బు వస్తుంది.

మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, అది మందు రంగే. కళ్ళు పచ్చబడినా, అదే పనిగా వాంతులవుతున్నా మాత్రలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, కాలేయం దెబ్బ తింటున్న సూచన అది. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోయినా అంతే. మందు నడిచినన్నాళ్ళూ మద్యం పూర్తిగా మానాలి. గ్రంథి టీబీ మాత్రమే ఉంటే అది ఎదుటివాళ్ళకి అంటదు. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు, అతన్ని గదిలో ఒంటరిగా పెట్టక్కర్లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో కూడా ఉందని తేలితే అప్పుడు జాగ్రత్తలు వేరు, అవి అక్కడే చెబుతారు.

చికిత్స మధ్యలో ఒక విషయం, అది జరిగినవాళ్ళని దాదాపు అందరినీ బెదరగొడుతుంది, దాన్ని ముందే చెప్పి ఉంచుతాను. మందు మొదలెట్టి ఒకటి రెండు నెలలయ్యాక గడ్డ తగ్గాల్సింది పోయి పెరగొచ్చు, మెత్తబడొచ్చు, పక్కన కొత్త బిళ్ళ రావచ్చు. గ్రంథి టీబీ ఉన్నవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇలా అవుతుంది. చనిపోతున్న క్రిముల మీద ఒంటి రక్షణ వ్యవస్థ గట్టిగా స్పందించడం వల్ల వచ్చే వాపు అది. చాలామంది మందు పని చేయడం లేదని ఇక్కడే ఆపేస్తారు, లేదా డాక్టరుని మార్చి గాటు పెట్టిస్తారు. రెండూ వద్దు. మాత్రలు రోజూ పడుతున్నాయా, మొదటి సీబీనాట్‌లో రిఫాంపిసిన్‌కి లొంగుతుందని వచ్చిందా, ఒంటి బరువు పెరుగుతోందా అన్న మూడూ చూడండి. మూడూ సరిగ్గా ఉంటే మామూలుగా అదే మందు కొనసాగిస్తారు, ద్రవం ఎక్కువైతే సూదితో లాగుతారు. అలా లాగిన ప్రతిసారీ కల్చర్‌కి పంపించమనండి. బరువు తగ్గుతూ, జ్వరం వస్తూ, గడ్డలు పెరుగుతూ ఉంటే మాత్రం మొండి టీబీ ఉందేమో, లేక మొదటి నిర్ధారణే సరి కాదేమో చూడాలి. ఆరు నెలలు అయ్యాక చిన్న బిళ్ళ మిగిలి ఉండొచ్చు. అది పెరగకుండా ఉంటే జబ్బు మిగిలిందని కాదు, దానికోసం మళ్ళీ మందు మొదలెట్టక్కర్లేదు.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన పరిస్థితులు ఇవి: ఊపిరి ఆడకపోవడం, పడుకుంటే ఊపిరి బరువుగా ఉండటం, మొహం ఉబ్బడం, మింగలేకపోవడం, గొంతు మారిపోవడం, నోరు తెరవలేనంత బిగుసుకుపోయి బాగా జ్వరం రావడం. ఇవి ఉంటే రాత్రయినా ఆగకండి.

సూది పరీక్షకి వెళ్ళేలోపు ఇంకో రెండు ఫొటోలు తీసి పెట్టండి. కిటికీ పక్కన, వెలుతురు పక్క నుంచి పడేలా, తల కుడివైపు తిప్పి ఒకటి. గడ్డ పక్కన రూపాయి నాణెం పెట్టి ఒకటి. ఫ్లాష్ వేయకండి, ఉబ్బు కనిపించదు. ఆ నాణెం ఫొటో డాక్టరు గారికి కూడా చూపించండి. తర్వాత గడ్డ పెరిగిందా తగ్గిందా అని కొలవడానికి మొదటి కొలత అదే అవుతుంది. రిపోర్టు వచ్చాక పేరు, నంబరు కనిపించకుండా చేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.